రెండే డోసులు, మూడోది ఎక్కడ? జర్మనీ పసుపు పుస్తకాన్ని బెంగళూరులో చదివితే

కిందటి సెప్టెంబరులో ఒక రాత్రి నా ఫోనుకు వరసగా ఏడు ఫొటోలు వచ్చాయి. మ్యూనిక్‌లో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగు జంట ఆరు నెలల బాబుతో మారతహళ్ళిలో అత్తగారింటికి వచ్చారు. బాబు టీకాల పుస్తకం ఫొటోలవి. నేను జర్మన్ పత్రాలను తెలుగులోకీ ఇంగ్లీషులోకీ మార్చే పని చేస్తాను కాబట్టి ఎవరో నా నంబరు ఇచ్చారట. ఫొటోల కింద ఆ తల్లి ఒక్కటే వాక్యం పెట్టింది: "అక్కా, ఇక్కడి డాక్టరు మూడో డోసు మిస్సయిందంటున్నారు, అక్కడ రెండే వేసి పంపించేశారా?"

బెంగళూరులో ఇలాంటి టెన్షన్ తరచుగా చూస్తుంటాను. ఒక్కో దేశం టీకాలను ఒక్కో రకంగా లెక్కపెడుతుంది. పుస్తకంలో మాటలన్నీ సరిగ్గా అనువదించినా లెక్క తప్పిపోవచ్చు. ఆ ఏడు ఫొటోలను వరసగా విప్పి చూస్తే ఎందుకో అర్థమవుతుంది.

అన్నీ పసుపు రంగే

జర్మనీలో టీకాల పుస్తకాన్ని ఇంఫ్‌పాస్ అంటారు. పసుపు అట్ట, సన్నటి పుస్తకం. చిక్కేమిటంటే పిల్లలకు ఇచ్చేదీ పెద్దలకు ఇచ్చేదీ ఒకేలా ఉంటుంది. దీనికి తోడు పిల్లల ఎదుగుదల పరీక్షలు రాసే పుస్తకం వేరే ఉంది. దాన్నీ అక్కడ "పసుపు పుస్తకం" అనే పిలుస్తారు. అందులో యూ1, యూ2, యూ3 అంటూ యూ9 దాకా పేజీలుంటాయి. ఇవి డోసులు కావు, బరువు, ఎత్తు, చూపు, వినికిడి చూసే వైద్య పరీక్షల వరస. యూ4 అంటే మూడు నాలుగు నెలల వయసులో చేసే పరీక్ష. నాకు వచ్చిన ఏడు ఫొటోల్లో రెండు ఈ పుస్తకానివే. వాళ్ళింట్లో ఎవరో యూ3, యూ4 చూసి "మూడు, నాలుగు కూడా అయిపోయాయి కదా" అన్నారట.

ఇంకో ఫొటో మరీ తమాషాగా ఉంది. అందులో ఒకే ఒక్క వరుస, తేదీ 09.01.2025. బాబు తండ్రిది అమెరికా కంపెనీలో ఉద్యోగం. నెల ముందు, రోజు తర్వాత రాయడం ఆయనకు అలవాటు. ఆయన దాన్ని సెప్టెంబరు 1గా చదివి, బయలుదేరే ముందు వేయించిన మూడో డోసు ఇదేనని ఎక్సెల్‌లో ఎక్కించేశాడు. జర్మనీలో మనలాగే రోజు ముందు, నెల తర్వాత. అంటే అది జనవరి 9. బాబు పుట్టింది మార్చి 4న. పుట్టకముందే టీకా ఎలా పడుతుంది? అది తల్లి పుస్తకంలోని పేజీ. గర్భిణులకు చివరి మూడు నెలల్లో కోరింత దగ్గు టీకా వేయాలని జర్మనీ 2020 నుంచి సిఫారసు చేస్తోంది. కడుపులో ఉండగానే తల్లి నుంచి రక్షణ అందితే బిడ్డ మొదటి కొన్ని వారాలు గట్టెక్కుతుంది. ఆ టీకా తల్లి లెక్కలోనే ఉండాలి. బాబు డోసుల్లో కలపకూడదు.

కాబట్టి ఏ వరుసను చదివినా ముందు బిడ్డ పుట్టిన తేదీని పక్కన పెట్టుకోవాలి. ఆ తేదీకి ముందున్న వరుస ఉందంటే పుస్తకమే మారిపోయిందన్నమాట.

ఒక వరుసలో ఏముంటుంది

ఇక అసలు పేజీ. ఎడమ చివర తేదీ. దాని పక్కన టీకా సీసా మీద నుంచి తీసి అతికించిన చిన్న స్టిక్కరు. తర్వాత జబ్బుల పేర్లతో సన్నటి గళ్ళు, వాటిలో క్రాసు గుర్తులు. చివర డాక్టరు సంతకం, ముద్ర. ఫొటో తీసేటప్పుడు ఈ వరుస మొత్తం పడాలి. నాకు వచ్చిన ఒక ఫొటోలో స్టిక్కర్లు దగ్గరగా, చాలా స్పష్టంగా పడ్డాయి గానీ తేదీ సగం తెగిపోయింది. తేదీ లేకపోతే ఆ వరుసతో డాక్టరుకు పెద్దగా ఉపయోగం ఉండదు.

స్టిక్కరు మీద టీకా పేరు కింద Ch.-B. అని ఉంటే అది బ్యాచి నంబరు. కొన్నింటి మీద verw. bis అని ఉండి, పక్కన నెల, సంవత్సరం ఉంటాయి. అంటే "ఫలానా నెల వరకు వాడవచ్చు". మన మందుల షాపు భాషలో ఎక్స్‌పైరీ. దీన్ని "తర్వాతి డోసు ఆ నెలలో" అని చదివినవాళ్ళను ఇద్దరిని చూశాను. వాళ్ళలో ఒకరైతే ఫోన్లో రిమైండరు కూడా పెట్టుకున్నారు.

చేతిరాత తేదీల్లో ఇంకో మెలిక ఉంది. జర్మన్లు 1 రాసేటప్పుడు ముందు కింది నుంచి పైకి పొడవైన గీత గీసి, ఆ తర్వాత నిలువు గీత దించుతారు. మన కంటికి అది 7లా కనిపిస్తుంది. వాళ్ళ 7కు నడుమ అడ్డగీత ఉంటుంది. ఈ బాబు పుస్తకంలో చివరి వరుస తేదీ మనకు 77.07.2025లా కనిపిస్తోంది. నెలకు 77 రోజులు ఉండవు కనుక ఇంట్లోవాళ్ళు మొదటిది 1, రెండోది 7 అని సర్దుకుని జులై 17గా చదువుకున్నారు. రోజు దగ్గరున్న ఆ రెండు అంకెల్లో దేనికీ నడుమ అడ్డగీత లేదు, అంటే రెండూ ఒకట్లే. అది జులై 11. ఆరు రోజుల తేడాతో పోయేదేముంది అనిపించవచ్చు. కానీ రెండు డోసుల మధ్య కనీసం ఇన్ని వారాలుండాలని లెక్కపెట్టే చోట ఆరు రోజులే అటో ఇటో చేస్తాయి.

ఇక క్రాసులు. ఒక వరుసలో ఆరు క్రాసులుంటే ఆరు సూదులు వేసినట్టు కాదు, ఒకే సూదిలో ఆరు జబ్బులకు రక్షణ ఉన్నట్టు. ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు, హిబ్ అనే బ్యాక్టీరియా తెచ్చే జబ్బు, హెపటైటిస్ బి, పోలియో. మన ప్రయివేటు క్లినిక్కుల్లో హెక్సావాలెంట్ అనేది ఇదే. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో వేసే పెంటాలో వీటిలో అయిదే ఉంటాయి. పోలియోను చుక్కలుగా, చిన్న సూదిగా విడిగా ఇస్తారు. అందుకే జర్మనీ పుస్తకం చూసిన నర్సు "పోలియో ఏదీ" అని అడిగితే అది ఆమె తప్పేమీ కాదు. ఆమె వెతికేది చుక్కల వరుస. అది ఈ పుస్తకంలో ఉండదు, పోలియో ఆ ఆరింటిలోనే కలిసి ఉంది.

ఇవన్నీ సరిచూసుకుని ఆ రాత్రి నేను తిరిగి రాసి పంపిన జాబితా ఇది. మార్చి 7న బేఫోర్టస్. ఏప్రిల్ 15న రోటారిక్స్, అంటే విరేచనాలు తెచ్చే రోటా వైరస్‌కు నోటి చుక్కలు. మే 13న రోటారిక్స్ రెండోసారి, దాంతోపాటు హెక్సియాన్, వాక్స్‌న్యూవెన్స్, బెక్సెరో. జులై 11న హెక్సియాన్, వాక్స్‌న్యూవెన్స్, బెక్సెరో రెండోసారి. అంతే. ఆ డాక్టరు చెప్పినట్టు మూడోది లేదు.

పెద్ద అక్షరం, చిన్న అక్షరం, పక్కన అంకె

ఈ పేర్లలో హెక్సియాన్ అంటే పైన చెప్పిన ఆరింటి టీకా. ఇండియాలో అదే టీకా హెక్సాక్సిమ్ పేరుతో దొరుకుతుంది. కంపెనీ అదే, సరుకు అదే, పేరు ఒక్కటే వేరు. ఇది తెలియక "ఆ బ్రాండు ఇక్కడ లేదు, మళ్ళీ మొదటి నుంచి వేయాలి" అనుకోనక్కర్లేదు. వాక్స్‌న్యూవెన్స్ అంటే నిమోనియా తెచ్చే న్యూమోకోకస్ బ్యాక్టీరియాకు టీకా, మన కార్డుల్లో పీసీవీ అని రాసేది. బెక్సెరో మెనింజైటిస్ బి రకానికి. జర్మనీ దీన్ని 2024 జనవరి నుంచి పసిపిల్లలందరికీ సిఫారసు చేస్తోంది. మన ప్రభుత్వ షెడ్యూలులో ఇది లేదు.

బేఫోర్టస్ చూసి చాలామంది తికమకపడతారు. అసలిది టీకానే కాదు. ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ పసిపిల్లల ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. దాన్ని అడ్డుకునే యాంటీబాడీని తయారుగా ఒంట్లోకి ఎక్కించడమే ఈ సూది. చలికాలం రక్షణ కోసం జర్మనీలో 2024 నుంచి ఇస్తున్నారు. దీనికి రెండో డోసు, మూడో డోసు అనే వరస లేదు. పక్కన ఏ గడిలోనూ క్రాసు లేదేమిటి అని ఆ తల్లి అడిగింది. అక్కడ అచ్చయిన జబ్బుల గళ్ళలో దానికి చోటు లేదు, అంతే.

టీకాల పొట్టిపేర్లలో అంకెలు మనల్ని తేలిగ్గా తప్పుదారి పట్టిస్తాయి. ఆర్‌వీ1 అని కనిపిస్తే రోటా మొదటి డోసు అనుకోవడం సహజం. కానీ ఆ 1 డోసు సంఖ్య కాదు. ఆ టీకాలో ఒక రకం వైరస్ ఉందని అర్థం. అది రోటారిక్స్. ఆర్‌వీ5లో అయిదు రకాలుంటాయి, అది రోటాటెక్. రోటారిక్స్ రెండు డోసులతో పూర్తవుతుంది, రోటాటెక్‌కు మూడు కావాలి. మన దేశంలో తయారయ్యే రోటావ్యాక్, రోటాసిల్ కూడా మూడేసి డోసులే. కాబట్టి ఇక్కడి కార్డులో రోటాకు మూడు గళ్ళుంటాయి. ఈ బాబుకు మూడో గడి ఖాళీగానే ఉంటుంది, అలా ఉండటమే సరి. అతనికి రోటా పూర్తయిపోయింది. పీసీవీ పక్కన ఉండే 10, 13, 15 కూడా అంతే, ఆ సూక్ష్మజీవిలో ఎన్ని రకాల మీద పని చేస్తుందో చెప్పేవి.

అక్షరాల సైజుకు కూడా అర్థం ఉంది. DTaP అని పెద్ద అక్షరాల్లో ఉంటే పసిపిల్లలకు ఇచ్చే పూర్తి మోతాదు. Tdap అని డి, పి చిన్నవిగా ఉంటే కంఠసర్పి, కోరింత దగ్గు భాగాలు తగ్గించిన మోతాదు, పెద్దవాళ్ళకూ కాస్త పెద్ద పిల్లలకూ ఇచ్చేది. తల్లి పేజీలో ఉన్నది ఇదే. తేదీ చూడకపోయినా, ఆ రెండు చిన్న అక్షరాలను బట్టే అది ఆరు నెలల బాబుది కాదని చెప్పవచ్చు. అన్నీ పెద్ద అక్షరాల్లో టైపు చేసి పెట్టే ఫోను కీబోర్డులతో వచ్చే ఇబ్బంది ఇదే.

నడుమ ఉన్న చిన్న a కోరింత దగ్గు భాగం ఎలా తయారైందో చెబుతుంది. a ఉంటే సూక్ష్మజీవిలోని కొన్ని ముక్కలతో చేసింది, w ఉంటే చంపిన సూక్ష్మజీవి మొత్తంతో చేసింది. మన క్లినిక్కుల్లో "పెయిన్‌లెస్" అని అమ్మేది మొదటి రకం, ప్రభుత్వ పెంటా రెండో రకం. రెండో రకానికి జ్వరం, వాపు ఎక్కువగా వస్తాయి. ఒక రకంతో మొదలుపెట్టి రెండో రకంతో ముగిస్తే లెక్క చెల్లదని మాత్రం ఏమీ లేదు.

మూడో డోసు కథ

ఇప్పుడు అసలు ప్రశ్న. భారత ప్రభుత్వ షెడ్యూలు ప్రకారం ఆరు, పది, పద్నాలుగు వారాలకు మూడు పెంటా డోసులు పడాలి. ప్రయివేటు పిల్లల డాక్టర్లు పాటించే, దేశంలోని పిల్లల వైద్యుల సంఘమైన ఐఏపీ షెడ్యూలూ అదే చెబుతుంది, పెంటా బదులు హెక్సా, అంతే తేడా. ఆ తర్వాత ఏడాదిన్నర ప్రాంతంలో బూస్టరు. ఆ లెక్కన ఆరు నెలల బాబుకు రెండే పడ్డాయంటే దాదాపు మూడు నెలలుగా మూడోది బాకీ ఉన్నట్టే. డాక్టరు అన్నది అదే.

జర్మనీలో కూడా 2020 వరకు రెండు, మూడు, నాలుగు నెలలకు మూడు డోసులు వేసి, పదకొండు నుంచి పద్నాలుగు నెలల మధ్య నాలుగోది వేసేవారు. ఆ ఏడాది అక్కడి టీకాల కమిటీ ఒకటి తగ్గించింది. ఇప్పుడు రెండు, నాలుగు, పదకొండు నెలలకు. దీన్ని 2+1 అంటారు. దీని వెనకున్న ఆలోచన ఇది. మొదటి రెండు డోసులు ఒంటికి జబ్బును పరిచయం చేస్తాయి. ఆ తర్వాత చాలా కాలం ఆగి మూడోది వేస్తే ఆ జ్ఞాపకం బాగా గట్టిపడుతుంది. ఈ ఆగడమే ఇక్కడ కీలకం. రెండో డోసుకూ మూడోదానికీ మధ్య కనీసం ఆరు నెలలు ఉండాలని నియమం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు మాత్రం మూడు నెలల వయసులో ఒక అదనపు డోసు వేస్తారు, అప్పుడు మొత్తం నాలుగు. కాబట్టి ఒకే ఊరి నుంచి వచ్చిన ఇద్దరు పిల్లల పుస్తకాల్లో డోసుల సంఖ్య వేరుగా ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఆ తల్లి పంపిన ఏడో ఫొటో అక్కడి క్లినిక్ ఇచ్చిన టీకాల పట్టిక. అందులో రెండు నెలల గడిలో G1, నాలుగు నెలల గడిలో G2, పదకొండు నెలల గడిలో G3 అని ఉన్నాయి. G అంటే పునాది డోసు. అయిదారేళ్ళ గడిలో A1 అని ఉంది. A అంటే జ్ఞాపకం తాజా చేసే డోసు, అంటే మన బూస్టరు. అనువాదంలో నేను ఎక్కువగా తడబడేది ఇక్కడే. పదకొండు నెలల డోసును జర్మనీ పునాదిలోనే కలుపుతుంది. మనం పునాదిని పద్నాలుగు వారాలకే ముగించి, రెండో ఏట పడేదాన్ని బూస్టరు అంటాం. G3ని "మూడో డోసు" అని రాస్తే ఇక్కడి డాక్టరు పద్నాలుగు వారాల డోసు అనుకుంటారు. "బూస్టరు" అని రాస్తే అంతకుముందు మూడు పడ్డాయనుకుంటారు. అందుకే ఆ తర్వాత నుంచి నేను సంఖ్యలు రాయడం మానేశాను. తేదీ, టీకా పేరు, అందులో ఉన్న జబ్బులు, ఆ రోజుకు బిడ్డ వయసు ఎన్ని వారాలో అంతే రాస్తాను. లెక్క డాక్టరు వేసుకుంటారు.

2+1 అంటే ఏదో విదేశీ వింత అనుకోనక్కర్లేదు. మన ప్రభుత్వం న్యూమోకోకస్ టీకాను సరిగ్గా ఈ పద్ధతిలోనే ఇస్తుంది. ఆరు వారాలకు ఒకటి, పద్నాలుగు వారాలకు ఒకటి, తొమ్మిది నెలలకు మూడోది. కర్ణాటకలో తల్లీబిడ్డలకు ఇచ్చే ఒకే తాయి కార్డులో పెంటాకు మూడు ప్లస్ బూస్టర్లు, పీసీవీకి 2+1. మనకు అలవాటైపోయి గమనించం.

ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెబితే

మొదటి డాక్టరు వెంటనే హెక్సా వేయిద్దామన్నారు. బంధువుల ద్వారా కలిసిన రెండో డాక్టరు జనవరి దాకా ఆగవచ్చన్నారు. ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. అమ్మమ్మ మొదటాయన వైపు, తల్లి రెండో ఆమె వైపు.

మొదటాయన వాదనలో బలం ఉంది. కోరింత దగ్గు చిన్న పిల్లలకే ఎక్కువ ప్రమాదం. జబ్బు ఎక్కువగా తిరిగే చోట ఆరేడు నెలల బిడ్డను రెండు డోసుల రక్షణతోనే ఇంకో నాలుగు నెలలు ఉంచడం ఎందుకన్నది ఆయన ప్రశ్న. మన షెడ్యూలు పునాదిని పద్నాలుగు వారాలకే ముగించేది అందుకే. బిడ్డ ఇక్కడే పెరగబోతుంటే అతని కార్డు ఇక్కడి గళ్ళతో సరిపోవడం కూడా సౌకర్యమే. రెండు నెలలు దాటింది కనుక కనీస వ్యవధి సమస్య లేదు. మన లెక్కలో డోసుకూ డోసుకూ నాలుగు వారాలు చాలు.

రెండో ఆమె ఒకే ప్రశ్న అడిగారు: "మళ్ళీ ఎప్పుడు వెళ్తున్నారు?" ఫిబ్రవరి ఆఖరున, అన్నారు వీళ్ళు. అయితే సెప్టెంబరులో వేసిన డోసు ఏమవుతుందో లెక్క వేసి చూపించారు. జులై 11 నుంచి సెప్టెంబరు నడిమికి రెండు నెలలే. జర్మనీ నియమం ప్రకారం ఆ డోసు G3గా చెల్లదు, మధ్యలో ఆరు నెలలు లేవు కాబట్టి. అక్కడికి వెళ్ళాక మళ్ళీ ఒకటి వేస్తారు. అలాకాకుండా ఆగితే, జులై 11కు ఆరు నెలలు కలిపి జనవరి 11 తర్వాత ఎప్పుడైనా వేసుకోవచ్చు. ఫిబ్రవరి 4కు బాబుకు పదకొండు నెలలు నిండుతాయి. జనవరి రెండో వారం నుంచి ప్రయాణం లోపు ఏ రోజు వేసినా ఇక్కడి హెక్సాక్సిమ్ అక్కడ G3గా చెల్లుతుంది.

నా దృష్టిలో వీళ్ళిద్దరూ వైద్యం మీద విభేదించలేదు. బిడ్డ ఏ దేశంలో పెరుగుతాడన్న విషయంలో ఎవరి ఊహ వాళ్ళది. సెప్టెంబరులో వేయిస్తే నష్టం ఒక అదనపు సూది, ఒకటి రెండు రోజుల జ్వరం. ఆగితే కొన్ని నెలలు రక్షణ కొంచెం పలచగా ఉంటుంది. బెంగళూరులోనే స్థిరపడేవాళ్ళకు మొదటి దారి, మార్చిలోపు తిరిగి వెళ్ళేవాళ్ళకు రెండో దారి సహజంగా కుదురుతుంది. ఎటూ తేలనివాళ్ళకు కష్టం. అలాంటివాళ్ళకు ఇక్కడి డాక్టర్లు మన షెడ్యూలునే పట్టుకోవడం నేను చూశాను. వీళ్ళు ఆగారు.

క్రాసు పడని గళ్ళు

రాసి ఉన్నదాన్ని అనువదించడం తేలిక. రాయనిది చాలాసార్లు అంతకంటే ముఖ్యం.

ఆ పుస్తకంలో బీసీజీ లేదు. జర్మనీ 1998 నుంచి దాన్ని సిఫారసు చేయడం లేదు, అక్కడ క్షయ అంత తక్కువ. మనకు అది పుట్టగానే వేసే మొదటి సూది. ప్రభుత్వ షెడ్యూలు ఏడాది లోపు వేయించుకోమంటుంది. ఇద్దరు డాక్టర్లూ వెంటనే ఒప్పుకున్నది ఈ ఒక్కదాని మీదే. బాబుకు సెప్టెంబరులోనే వేశారు. పుట్టినప్పటి హెపటైటిస్ బి డోసు కూడా లేదు. జర్మనీలో గర్భంతో ఉన్నప్పుడే తల్లికి రక్తపరీక్ష చేసి, ఆమెకు ఆ వైరస్ ఉంటేనో, ఫలితం తెలియకపోతేనో మాత్రమే పుట్టగానే బిడ్డకు టీకా వేస్తారు. మనం ఎవరికైనా ఒక రోజులోపు వేస్తాం. ఆ గడువు దాటిపోయింది, పైగా ఆరింటి టీకాలో హెపటైటిస్ బి ఎలాగూ ఉంది. ఆ గడిని అలాగే వదిలేయవచ్చు.

పోలియో చుక్కల గురించి అమ్మమ్మకు బెంగ. సూదిగా పడిన పోలియో టీకా పక్షవాతం రాకుండా కాపాడుతుంది. చుక్కలు పేగుల్లో కూడా రక్షణ పెంచుతాయి, వైరస్ ఒకరి నుంచి ఒకరికి పాకకుండా చేస్తాయి. సూది పడిన బిడ్డ పల్స్ పోలియో ఆదివారం చుక్కలు వేయించుకుంటే తప్పేమీ లేదు.

తట్టు దగ్గర రెండు దేశాల లెక్క మళ్ళీ విడిపోతుంది. జర్మన్ పుస్తకంలో "మాసెర్న్" అన్న గడి తట్టుది, "రెటెల్న్" రుబెల్లాది. మధ్యలో గవదబిళ్ళలు. అక్కడ మొదటి డోసు పదకొండు నెలలకు. ఇక్కడ తొమ్మిది నెలలకే, ఎందుకంటే ఇక్కడ తట్టు ఎక్కువ. ఇక్కడ ఉన్నంతకాలం ఇక్కడి గడువే పట్టించుకోవాలని డాక్టరు అన్నారు, బాబుకు తొమ్మిది నెలలు నిండేది డిసెంబరు 4. కానీ ప్రభుత్వ కేంద్రంలో వేసే ఎంఆర్‌లో గవదబిళ్ళల భాగం ఉండదు, ప్రయివేటులో వేసే ఎంఎంఆర్‌లో ఉంటుంది. ఒక్క "ఎం" తేడా. జర్మనీలో 2020 మార్చి నుంచి తట్టు టీకా రుజువు లేనిదే క్రెష్‌లో చేర్చుకోరు. ఆ చట్టానికి ఎంఆర్ చాలు, తట్టు అందులో ఉంది కాబట్టి. గవదబిళ్ళల గడి మాత్రం ఖాళీగా ఉండిపోతుంది. వీళ్ళు ఎంఎంఆర్ వేయించారు. తొమ్మిది నెలలకు మొదటిది వేస్తే రెండోది ఏడాది నిండగానే వేయాలని జర్మనీ సూచన. అది మ్యూనిక్‌లోనే, మార్చిలో బెక్సెరో మూడో డోసుతో పాటు.

ఇక్కడ రాసినదాన్ని అక్కడ చదవాలంటే

జనవరి 19న హెక్సాక్సిమ్ వేశాక క్లినిక్‌లో నర్సు అలవాటు ప్రకారం తమ కార్డులో "హెక్సా 3" అని రాసి పంపబోయింది. తల్లి పసుపు పుస్తకం తీసి, ఈ వరుసలో కూడా రాయమని అడిగింది. తేదీ, స్టిక్కరు, డాక్టరు సంతకం, ముద్ర. సీసా స్టిక్కరు ఊడి రాలేదు, బ్యాచి నంబరు చేత్తో రాశారు. ఆరు గళ్ళలో క్రాసులు తల్లే చూపించి పెట్టించింది. న్యూమోకోకస్ మూడోది కూడా ఆ రోజే పడింది, వేరే కంపెనీది. అందుకే దాని పేరు, పక్కనున్న అంకెతో సహా రాయించింది.

బీసీజీకి గడి దొరకలేదు. చివర్లో ఉన్న "ఇతర టీకాలు" పేజీలో రాశారు. ఫొటో తీసి నాకు పంపుతూ ఆమె అడిగింది, "అక్కా, భుజం మీద మచ్చ చూసి అక్కడి డాక్టరమ్మ ఏమైందని అడిగితే ఏం చెప్పను?" ఆ వరుస పక్కన "ఎడమ భుజం" అని జర్మన్‌లో ఎలా రాయాలో పంపించాను.